కొత్త అపార్ట్‌మెంట్ల ఏరియాలో ఎవరూ పెట్టని వ్యాపారం కనిపెట్టడం ఎలా?

హైదరాబాద్ పడమటి వైపు తెల్లాపూర్, కొల్లూరు, నల్లగండ్ల రోడ్ల మీద ఓసారి తిరిగితే దాదాపు అవే షాపులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. సూపర్ మార్కెట్, మెడికల్ షాపు, సెలూన్, బిర్యానీ పాయింట్, టిఫిన్ సెంటర్. కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ఉన్నవాటిని చూసి అలాంటిదే ఇంకొకటి తెరుస్తారు. ఇక్కడ ఏం లేదో తెలుసుకోవాలంటే షాపుల వైపు కాదు, గేట్ల వైపు చూడాలి.

ముందు లైట్లు లెక్కపెట్టండి

టవర్లు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, అమ్ముడైన ఫ్లాట్లలో ఎన్నింటిలో మనుషులు ఉంటున్నారన్నదే లెక్క. వారం మధ్యలో ఏదో ఒక రోజు రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య బయట నిలబడి వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టండి. మర్నాడు పొద్దున బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూస్తే ఆ లెక్క సరిచూసుకోవచ్చు. సంక్రాంతి వారంలో మాత్రం వెళ్లకండి, సగం మంది ఊళ్లకు పోయి ఉంటారు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే గమనించాలి. కొత్త ఏరియాలో అవసరాలు రెండు రకాలు. పావురాల నెట్, దోమల మెష్, కర్టెన్లు, వార్డ్‌రోబ్‌లు కొత్త ఇంట్లోకి దిగేటప్పటివి. టవర్ నిండిపోయాక వాటి గిరాకీ బాగా తగ్గిపోతుంది. మనం వెతకాల్సింది అందరూ ఇళ్లల్లో చేరిపోయాక కూడా మిగిలే అవసరం.

గేటు దగ్గర బయటికి పోయేవి చూడండి

లోపలికి వచ్చే డెలివరీ బండ్లను అందరూ చూస్తారు. వాటి అవసరం ఎవరో ఒకరు ఇప్పటికే తీరుస్తున్నారు కాబట్టి మనకు పెద్దగా పనికిరాదు. చేతిలో సంచితో, కారు వెనక సీట్లో పెట్టుకుని జనం బయటికి ఏం తీసుకెళ్తున్నారన్నది చూడాలి. ఇక్కడ జరగని పని కోసమే అది బయటికి పోతోంది. సెక్యూరిటీ వాళ్లతో, ఇళ్లల్లో పనిచేసే వాళ్లతో కాసేపు మాట్లాడండి. ఆ ఏరియా గురించి వాళ్లకు తెలిసినంత అసోసియేషన్ ప్రెసిడెంట్‌కు కూడా తెలియదు.

నా లెక్కలో అందరికంటే బాగా చెప్పగలిగేది పాత సామాన్లు కొనే ఆయన. "బాగుచేస్తే పనికొచ్చేవి ఏమేం వస్తున్నాయి?" అని అడగండి. మిక్సీ జార్లు, పిడి ఊడిన కుక్కర్లు, జిప్ పోయిన స్కూల్ బ్యాగులు అని చెప్పాడంటే అక్కడ ఆగి ఆలోచించాల్సిందే.

మీరు ఆ కమ్యూనిటీలోనే ఉంటే వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. "ఎవరికైనా తెలుసా?" అని మొదలయ్యే మెసేజ్‌లను రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎంత మంది అడిగారన్నదానికంటే వచ్చిన జవాబులు ముఖ్యం. ప్లంబర్ కోసం అడిగితే పది నంబర్లు వస్తాయి. కత్తులు సాన పట్టేవాళ్ల కోసం అడిగితే "నాకూ కావాలి" అని నలుగురు అంటారు తప్ప నంబర్ ఒక్కటీ రాదు. రెండోదాని కింద గీత గీసుకోండి.

జరిగిందే అడగండి

"ఇలాంటి సర్వీస్ పెడితే వాడతారా?" అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి అందరూ వాడతాం అంటారు. చివరిసారి ఏం జరిగిందో అడగండి.

"అక్కా, మీ మిక్సీ జార్ చివరిసారి ఎప్పుడు పాడైంది?"

"దసరాకు ముందు. కింద బుష్ పోయి కారుతోంది. యుటిలిటీలో ఓ మూల పెట్టా."

"మరి చట్నీకి ఎలా?"

"చిన్న జార్‌లోనే రెండుసార్లు వేస్తున్నా. లింగంపల్లి వెళ్లినప్పుడు తీసుకెళ్దామనుకుంటా, మర్చిపోతా."

ఈమెను మీ ఇబ్బందులేంటని అడిగి ఉంటే ట్రాఫిక్, నీళ్ల ట్యాంకర్లు అనేది. జార్ సంగతి గుర్తుకు కూడా వచ్చేది కాదు, ఎందుకంటే సర్దుకుపోయింది. ఇలా సర్దుకుపోయిన చోటే వెతకాలి. ఇలాంటి ఇళ్లు పాతిక అయినా తిరగండి, ప్రతి చోటా మూడు విషయాలు రాసుకోండి: ఎప్పుడు పాడైంది, దానికి ఏం చేశారు, ఎంత ఖర్చయింది.

ఇంతవరకు ఎవరూ ఎందుకు పెట్టలేదు?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే అడ్వాన్స్ కట్టేస్తారు. జార్ బుష్ మార్చే ఆయనకు, చెప్పులు కుట్టే ఆయనకు, జిప్ వేసే టైలర్‌కు ఒక్కో పని మీద మిగిలేది కొద్దిగా. పాత బస్తీల్లో, మార్కెట్ వీధుల్లో చిన్న డబ్బా కొట్టులోనో మెట్ల కిందో కూర్చుని నెట్టుకొస్తారు. కొత్త రోడ్డు మీద షట్టర్ అద్దె వాళ్ల వల్ల కాదు. పైగా ఇక్కడి జనం సెల్లార్‌లో కారెక్కి నేరుగా వెళ్లిపోతారు, నడిచిపోతూ షాపు ముందు ఆగేవాళ్లు తక్కువ. సైకిల్ మీద సాన రాయి పెట్టుకుని కేకేసుకుంటూ వచ్చే ఆయనను గేటు దాటనివ్వరు.

అంటే ఇక్కడ గిరాకీ ఉంది, పని తెలిసినవాళ్లు అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, మధ్యలో గేటు, అద్దె అడ్డం ఉన్నాయి. కాబట్టి రిపేర్ షాపు పెట్టడం దీనికి జవాబు కాదు. వారానికి ఒక రోజు గేటు దగ్గర సామాన్లు తీసుకుని, పాత మార్కెట్‌లో బాగుచేయించి, మళ్లీ వారం అదే చోట తిరిగి ఇచ్చే మనిషి కావాలి.

లెక్క వేయండి, నిజాయితీగా

మనుషులు ఉంటున్న ఫ్లాట్లు 400 అనుకుందాం. ఇంటికి ఏడాదికి ఆరు చిన్న రిపేర్లు వేసుకుంటే మొత్తం 2,400, అంటే నెలకు 200. అందులో పావు వంతు మన దగ్గరికి వస్తే 50. ఒక్కోదాని మీద రూ.60 మిగిలితే నెలకు రూ.3,000. ఇవన్నీ ఊహించి వేసిన అంకెలే, మీ నోట్‌బుక్‌లో తేలినవి వాటి స్థానంలో పెట్టుకోండి.

మూడు వేలతో ఇల్లు గడవదు. ఆరు కమ్యూనిటీలు తిరిగినా రూ.18,000, అందులో పెట్రోల్ పోవాలి. చిన్న రిపేర్ల ఇబ్బంది ఇదే. అవసరం నిజమే అయినా ఒక ఇంటికి అది తరచూ రాదు. అందుకే తరచుగా వచ్చే పని ఏదైనా జతచేయాలి. చీరలకు ఫాల్, పీకో, బ్లౌజ్ కుట్లు విప్పి వదులు చేయడం, జూన్‌లో స్కూల్ ప్యాంట్ల మడతలు విప్పి పొడుగు చేయడం లాంటివి. రోజూ ఎవరో ఒకరికి ఉండే పనులు ఇవి.

నాలుగు ఆదివారాలు చేసి చూడండి

అసోసియేషన్ అనుమతి తీసుకుని, గేటు లోపల ఒక టేబుల్ వేసుకుంటే చాలు. బోర్డు, యాప్ ఇప్పుడే వద్దు. అంతకు ముందే పాత మార్కెట్‌లో ఒక మిక్సీ ఆయనతో, ఒక టైలర్‌తో రేటు, గడువు మాట్లాడుకోండి. సగం డబ్బు ముందే తీసుకోండి. "తర్వాత ఇస్తా" అన్నవాళ్లలో కొందరు సామాను కోసం కూడా రారు.

ఎక్కువగా తేడా వచ్చేది సామాన్లు కలిసిపోవడంలో. ఒకే కంపెనీ జార్లు నాలుగు వస్తే ఏది ఎవరిదో మీకూ తెలియదు, బాగుచేసిన ఆయనకూ తెలియదు. ఫ్లాట్ నంబర్ రాసిన ట్యాగ్ కట్టి, తీసుకునేటప్పుడే వాళ్ల ముందు ఫొటో తీయండి. మూత పగులు ముందే ఉందా, మీరు పగలగొట్టారా అన్న గొడవ కూడా ఆ ఫొటోతోనే తేలిపోతుంది. కుక్కర్ల విషయంలో సేఫ్టీ వాల్వ్, గాస్కెట్ ఆ కంపెనీవే వేయించండి, దొరక్కపోతే తిప్పి ఇచ్చేయండి.

మొదటి ఆదివారం వచ్చిన రద్దీని నమ్మొద్దు. ఏళ్ల తరబడి మూలన పడేసినవన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. అసలు సంఖ్య మూడో వారం నుంచి కనిపిస్తుంది. నాలుగో ఆదివారం నాటికి రెండోసారి వచ్చినవాళ్లు ఎంతమంది, పక్క ఫ్లాట్ వాళ్లు చెప్తే వచ్చినవాళ్లు ఎంతమంది అన్నవి విడివిడిగా రాయండి. ఈ రెండూ సున్నా దగ్గరే ఉంటే టేబుల్ ఎత్తేసి, నోట్‌బుక్‌లో గీత గీసుకున్న తర్వాతి లైను చూడండి. మీకు ఇప్పటిదాకా పోయింది నాలుగు ఆదివారాలు, కొంత పెట్రోల్.