కరివేపాకు పొడిని ఆన్‌లైన్‌లో అమ్మాలంటే వివరణ ఎలా రాయాలి?

ముందు రాయాల్సింది పదార్థాల జాబితా. పొడి చేసేటప్పుడు ప్రతిదీ తూకం వేసి, బరువులో ఎక్కువ ఉన్నదాన్ని ముందు పెట్టండి. కిలో పొడికి ఎండబెట్టిన కరివేపాకు 400 గ్రాములు, శనగపప్పు 200, మినప్పప్పు 150, ఎండుమిర్చి 100, ధనియాలు 50, ఉప్పు 40, చింతపండు 30, జీలకర్ర 20, ఇంగువ 10 గ్రాములు వేశారనుకుందాం. జాబితా ఇదే వరసలో ఉండాలి. కరివేపాకు పక్కన 40% అని వేస్తే పప్పు పొడిలో నాలుగు ఆకులు కలపలేదని కొనేవాళ్లకు తెలుస్తుంది.

చాలామంది తప్పు చేసేది ఇంగువ దగ్గర. బజారులో దొరికే ఇంగువలో తరచూ గోధుమ పిండి కలిసి ఉంటుంది. డబ్బా మీద చూడండి. ఉంటే ‘ఇంగువ (గోధుమ పిండి కలిసినది)’ అని రాసి, కింద ‘గోధుమ ఉంది’ అని విడిగా చెప్పండి. వేసింది పది గ్రాములేగా అని వదిలేయకూడదు, గోధుమ పడనివాళ్లకు ఆ కొంచెమే చాలు. అలాంటి పొడికి ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాస్తే అబద్ధమే.

ఇక వివరణ. ‘షుగర్ తగ్గిస్తుంది, జుట్టు రాలడం ఆపుతుంది’ అని రాయాలనిపిస్తుంది. రాయకండి. జబ్బును నివారిస్తుందనో నయం చేస్తుందనో ఆహారం గురించి చెప్పడానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేయడం. కింద చిన్న అక్షరాల్లో ‘ఇది మందు కాదు’ అని చేర్చినా పైన రాసిన మాట మాసిపోదు. ‘నా షుగర్ దిగింది’ అన్న కొనుగోలుదారు మాటను తెచ్చి వివరణలో పెట్టినా అది మీరు చెప్పినట్టే.

‘పీచు పుష్కలం’ అనాలంటే ల్యాబ్ రిపోర్టులో 100 గ్రాముల పొడికి కనీసం 6 గ్రాముల పీచు కనబడాలి. రిపోర్టు లేకపోతే ఆ మాట వద్దు.

మరి అమ్ముడుపోయేది దేనితో? కొనేవాళ్లు వాసన చూడలేరు, రుచి చూడలేరు. ఆ లోటు తీర్చేలా రాయండి:

‘నీడన ఆరిన కరివేపాకు, దోరగా వేయించిన పప్పులు. కారం మధ్యస్థం. కాస్త బరకగా ఉంటుంది. వేడన్నంలో నెయ్యితో, ఇడ్లీకి నూనెతో కలుపుకోవచ్చు. 200 గ్రాముల ప్యాకెట్. తెరిచాక తడి స్పూను పెట్టకండి.’

ఆకు ఎండలో ఆరితే ‘నీడన’ అన్న మాట తీసేయండి. ‘మధ్యస్థం’ అన్న కారాన్ని మీ ఇంట్లోవాళ్లతో కాకుండా, ఎప్పుడూ తినని ఇద్దరితో రుచి చూపించి రాయండి. ‘ఇంత కారమా’ అని ప్యాకెట్లు తిరిగొస్తుంటే ముందు సరిచూడాల్సింది ఆ మాటనే.