ఏ స్వరం ఎటు కదులుతుందో రాసుకోండి

కడపలో మా చర్చి కీబోర్డు పిల్లలకు హార్మనీ అధ్యాయాన్ని కుదించి రాసిస్తూ నేర్చుకున్న చిట్కా ఇది. ‘జి సెవెంత్ తర్వాత సి మేజర్’ అని రాసుకుంటే రెండో రోజుకే మరిచిపోతారు. ఇవి కార్డ్‌ల పేర్లు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల పేర్లు. వాటికి బదులు స్వరాల కదలిక రాయండి. జి సెవెంత్‌లో జి, బి, డి, ఎఫ్ ఉంటాయి. బి అరమెట్టు ఎక్కి సి అవుతుంది, ఎఫ్ అరమెట్టు దిగి ఇ అవుతుంది. కర్ణాటక సంగీతం వచ్చినవారికైతే నిషాదం షడ్జమానికి, మధ్యమం గాంధారానికి చేరుతుందంటే చాలు.

మైనర్‌లోనే చిక్కు. ఎ మైనర్‌కు ముందు ఇ సెవెంత్ వాయించేటప్పుడు జి షార్ప్ నొక్కాలి. మామూలు జి నొక్కితే అపస్వరంలా వినిపించదు, అందుకే పిల్లలు పట్టుకోలేరు. కానీ ఎ వైపు లాగే ఆ బిగువు సడలిపోతుంది.