సమస్య - పరిష్కారం: ట్యాగ్ రివ్యూ ఆన్‌లోనే ఉంది, మరి పిన్ని ఆ ఫోటో ఎలా చూసింది?

మా చెల్లి ఎంవీపీ కాలనీలో ఉంటుంది. ఆ ఆదివారం గాజువాకలో పిన్ని ఇంట్లో వ్రతం. ఆఫీసు పని ఉందని చెప్పి వెళ్లలేదు. పని నిజంగానే ఉంది, కానీ మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రం స్నేహితురాళ్లు రుషికొండకు తీసుకెళ్లారు. వాళ్లలో ఒకమ్మాయి బీచ్ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి చెల్లిని ట్యాగ్ చేసింది. రాత్రి పిన్ని ఫోన్ చేసి, "రుషికొండ బాగుందా అమ్మా?" అని అడిగింది.

చెల్లి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నన్ను ట్యాగ్ చేసిన పోస్టులు నేను ఒప్పుకుంటేనే నా ప్రొఫైల్‌లోకి వచ్చేలా రివ్యూ ఆన్ చేసే ఉంచాను. ఆ ఫోటో నా ప్రొఫైల్‌లో లేదు కూడా. మరి పిన్నికి ఎలా కనిపించింది?" అంది. పిన్ని బాధపడిందని తనకు చాలా టెన్షన్‌గా ఉంది. అప్పుడు ఇద్దరం కూర్చుని సెట్టింగ్‌లన్నీ చూశాం.

లక్షణం: ఫోటో మన ప్రొఫైల్‌లో లేదు, మన అనుమతి కోసం ఆగే ఉంది. అయినా మనవాళ్లు చూసేస్తున్నారు.

కారణం: రివ్యూ కాపలా కాసేది మన ప్రొఫైల్‌కి మాత్రమే. ఫోటో పెట్టినవాళ్ల పోస్టును అది ఆపదు. ఆ పోస్టు వాళ్ల ప్రొఫైల్‌లో, ఫీడ్‌లో, సెర్చ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పోస్టు Friends కి మాత్రమే పెట్టినదైనా, ట్యాగ్ చేయగానే మన ఫ్రెండ్స్ కూడా దాన్ని చూసేవాళ్లలో చేరిపోవచ్చు. పిన్నికి ఆ స్నేహితురాలు ఎవరో తెలియదు, కానీ చెల్లికి పిన్ని ఫ్రెండ్. ఫోటో పిన్ని దాకా చేరిన దారి అదే.

ఎలా తేల్చుకోవాలి: పోస్టు మీద పేరు కింద, సమయం పక్కన చిన్న గుర్తు ఉంటుంది. భూగోళం బొమ్మ ఉంటే అది అందరికీ తెరిచిన పోస్టు. మన సెట్టింగ్ ఏది మార్చినా దాన్ని దాచలేం. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే, పెట్టినవాళ్లకు ఫ్రెండ్ కాని మనవాళ్లు కూడా చూశారంటే, దారి మన ట్యాగే. చెల్లి విషయంలో ఇద్దరు మనుషుల బొమ్మే కనిపించింది.

పరిష్కారం: Settings & privacy లోకి వెళ్లి, Settings తెరిచి, Profile and tagging నొక్కండి. అక్కడ రివ్యూ విభాగంలో ఒకదానికొకటి దగ్గరగా కనిపించే రెండు ఆప్షన్లు ఉంటాయి. ఒకటి, మనల్ని ట్యాగ్ చేసిన పోస్టులు మన ప్రొఫైల్‌లోకి వచ్చేముందు చూడటం. రెండోది, మన పోస్టులకు ఇతరులు పెట్టే ట్యాగ్‌లను చూడటం. రెండోది మాత్రమే ఆన్ చేసి, మొదటిది కూడా అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. చెల్లి ఆ పొరపాటు చేయలేదు, మొదటిది ఆన్‌లోనే ఉంది.

తను చూడనిది ట్యాగింగ్ విభాగంలోని ఇంకో ప్రశ్న: మనల్ని ట్యాగ్ చేసినప్పుడు, ఆ పోస్టు ఇంతవరకు చూడలేనివాళ్లలో ఎవరిని చేర్చాలి? అక్కడ Friends అని ఉంది. దాన్ని Only me చేశాం. ఇకపై ఎవరు ట్యాగ్ చేసినా, ఆ కారణంగా మన ఫ్రెండ్స్ కొత్తగా చేరరు. ఈ సమస్యకు అసలు మందు అదే అని నా అభిప్రాయం.

ఇక అప్పటికే ఉన్న ఫోటో సంగతి. Activity log లో ఆగి ఉన్న పోస్టును Hide చేస్తే ప్రొఫైల్‌లోకి రాదు, కానీ ట్యాగ్ అలాగే ఉంటుంది. ట్యాగ్ కూడా పోవాలంటే పోస్టు మీద మూడు చుక్కలు నొక్కి Remove tag ఎంచుకోవాలి. చెల్లి అదే చేసింది. అయినా ఫోటో అక్కడే ఉంటుంది, మన పేరు లింకు మాత్రమే పోతుంది. ఫోటో కూడా వద్దనుకుంటే పెట్టినవాళ్లనే తీసేయమని అడగాలి. చెల్లి అడిగితే ఆ అమ్మాయి వెంటనే తీసేసింది.

ఇంకొక్క మాట: రివ్యూ ఆన్ చేయకముందే ప్రొఫైల్‌లోకి వచ్చిన పాత పోస్టులు వాటంతట అవి పోవు. వాటిని ఒక్కొక్కటిగా తీసేయాల్సిందే.

ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే: Tags and mentions లో Manually approve tags ఆన్ చేయాలి. ఇక్కడా ఆగేది మన ప్రొఫైల్‌లోని ట్యాగ్ ఫోటోల వరుసలోకి రావడం మాత్రమే. క్యాప్షన్‌లో @ పెట్టి మన పేరు రాస్తే అది మెన్షన్, దానికి ఈ అనుమతి వర్తించదు. మనల్ని ఎవరు మెన్షన్ చేయవచ్చో విడిగా ఎంచుకోవాలి.

పిన్నికి చెల్లి ఆ రాత్రే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మర్నాడు ప్రసాదం తీసుకోవడానికి గాజువాక వెళ్లి వచ్చింది.