విడిగా బాగుంది, కలిస్తే హోరు: నలుగురి రాక్ బ్యాండ్‌లో సమస్య - పరిష్కారం

నలుగురూ ఇంట్లో బాగా సాధన చేసి వస్తారు. గిటార్ ఒక్కటే వింటే బాగుంటుంది. బేస్ బాగుంటుంది. డ్రమ్స్ తాళం తప్పడం లేదు, గొంతు శ్రుతిలోనే ఉంది. తీరా నలుగురూ కలిసి మొదలుపెట్టగానే పాట కనపడకుండా పోయి హోరు ఒక్కటే మిగులుతుంది. నేను బేస్ వాయిస్తాను. ఈ హోరు మధ్యలో నిలబడి, తప్పు ఎవరిదో తెలియక తలలు పట్టుకున్న రోజులు మాకు చాలానే ఉన్నాయి. వెతికితే కారణం దాదాపు ప్రతిసారీ ఒకే రకంగా ఉండేది: ఒకరి పనిలోకి ఇంకొకరు వచ్చి ఉండేవారు, లేదంటే ఏదో ఒక పని ఎవరూ చేయకుండా వదిలేసి ఉండేవారు.

కాబట్టి ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. డ్రమ్స్ కాలాన్ని నడుపుతాయి. బేస్ ఆ కాలానికి స్వరం ఇస్తుంది, ఇప్పుడు ఏ కార్డ్ మీద ఉన్నామో అడుగు నుంచి చెబుతుంది. గిటార్ ఆ అడుగు మీద కార్డ్‌ని నింపుతుంది. గొంతు మాటనూ బాణీనీ మోస్తుంది. ఇంత తక్కువ మందితో పాట నిండుగా వినిపించడానికి కారణం, వీళ్ల స్వరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా వేరువేరు ఎత్తుల్లో ఉండటమే. బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గిటార్‌లో లావు తీగ సుమారు 82 దగ్గర, అంటే సరిగ్గా ఒక స్థాయి పైన. సింబల్స్ మెరుపంతా కొన్ని వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. ఈ అమరికలో ఇరుకైన చోటు ఒక్కటే ఉంది: గిటార్, గొంతు రెండూ మధ్యలోనే కూర్చుంటాయి. అందుకే మొదటి ఫిర్యాదు ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది.

లక్షణం: పాడేవాళ్ల మాట వినపడదు, మైక్ పెంచితే కూత వస్తుంది

ఇలాంటప్పుడు అందరూ తప్పు మైక్‌దే అనుకుంటారు. మేమూ అలాగే అనుకుని, ఒక సాయంత్రమంతా స్పీకర్లను ఆ మూల నుంచి ఈ మూలకు జరిపాం. చివరికి పనికొచ్చిన పరీక్ష చాలా చిన్నది. అందరూ ఆపేసి, డ్రమ్స్‌తో గొంతు మాత్రమే పల్లవి ఒకసారి పాడి చూశాం. మాట స్పష్టంగా వినపడింది. బేస్ కలిపాం, అప్పుడూ వినపడింది. గిటార్ కలిపాం, మాట మాయమైపోయింది.

మా గిటారిస్ట్ యాంప్ మీద నాబ్‌లు చూస్తే బేస్ 8, మిడ్ 2, ట్రెబుల్ 8, గెయిన్ 8 దగ్గర ఉన్నాయి. ఇంట్లో ఒక్కడే వాయించుకుంటే ఈ సెట్టింగ్ ఎంతో పెద్దగా, గొప్పగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కిందా పైనా నింపాల్సిన పని కూడా గిటార్‌దే. బ్యాండ్‌లో మాత్రం కింద పెంచింది వెళ్లి నా బేస్ మీద పడుతుంది, పైన పెంచింది సింబల్స్ మీదా, గొంతులోని హల్లుల మీదా పడుతుంది. క, త, చ, స లాంటి అక్షరాలను విడదీసి వినడానికి చెవి ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతం మీద ఆధారపడుతుంది. గిటార్ ట్రెబుల్ కరుకుగా తగిలేది కూడా అక్కడే. ఇక గిటార్‌కు సొంత చోటైన మధ్య భాగాన్ని మిడ్ 2కు తగ్గించి ఖాళీ చేశాం. దాంతో గిటారిస్ట్‌కు తన గిటార్ తనకే వినపడదు, వాల్యూమ్ పెంచుతాడు. పాడేవాళ్లు మైక్ పెంచమంటారు. మైక్ ఒక హద్దు దాటితే స్పీకర్ లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైక్‌లోకే వెళ్లి కూత మొదలవుతుంది.

మేము చేసిన మార్పు ఇది. బేస్ నాబ్ 8 నుంచి 3కు, ట్రెబుల్ 5కు, గెయిన్ 5కు తగ్గించాం. మిడ్ 2 నుంచి 6కు పెంచాం. విడిగా వింటే గిటార్ పలచగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంది, మావాడి ముఖం మాడిపోయింది. అందరం కలిసి వాయించగానే అదే గిటార్ ప్రతి కార్డ్‌తో సహా తెలిసిపోయింది, వాల్యూమ్ ముందుకంటే తక్కువలో ఉండగానే. ఈ అంకెలు మా యాంప్‌కు సంబంధించినవి, మీ యాంప్ మీద వేరేగా ఉండొచ్చు. తిప్పాల్సిన దిశ మాత్రం ఇదే. బ్యాండ్‌లో గిటార్ టోన్‌ని ఎప్పుడూ విడిగా విని నిర్ణయించకండి.

యాంప్ ఎక్కడ ఉందో కూడా చూడండి. గిటార్ స్పీకర్ పై స్థాయి శబ్దాన్ని టార్చిలైట్ వెలుగులా నేరుగా ముందుకే పంపుతుంది. నేల మీద ఉన్న యాంప్ ముందు రెండడుగుల దూరంలో నిలబడితే ఆ శబ్దం గిటారిస్ట్ మోకాళ్ల పక్క నుంచి వెళ్లిపోయి, ఎదురుగా దూరంగా నిలబడి పాడేవాళ్ల చెవుల్లో గుచ్చుకుంటుంది. అతను సరిపోలేదంటాడు, వాళ్లు భరించలేకపోతున్నామంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. యాంప్‌ని కుర్చీ మీద పెట్టినా, వెనక్కి వాల్చి గిటారిస్ట్ ముఖం వైపు తిప్పినా అతనే దాన్ని తగ్గిస్తాడు.

వాల్యూమ్ పెట్టే వరస కూడా ముఖ్యం. డ్రమ్స్‌కు నాబ్ లేదు, కాబట్టి మొదలు అక్కడే. డ్రమ్స్ మీద మాట తెలిసేదాకా, కూతకు కొంచెం ముందు ఆగేలా మైక్ పెట్టండి. ఆ రెండిటికీ లోబడి బేస్, అన్నిటికంటే చివర గిటార్. కూతకు ముందు ఎంత పెంచినా మాట తెలియకపోతే, డ్రమ్మర్ కొంచెం మెల్లగా కొట్టడం తప్ప వేరే దారి లేదు.

ఇంత చేసినా అడుగున గరగర మిగిలితే గిటారిస్ట్ ఏ ఆకారంలో కార్డ్ పట్టుకున్నాడో చూడండి. గెయిన్ పెంచితే వచ్చే డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిస్తే వాటి మధ్య తేడా ఎంతో అంత దగ్గర ఇంకో స్వరం పుడుతుంది. 82 హెర్ట్జ్ స్వరానికి దాని పంచమం 123 కలిపితే తేడా సుమారు 41, అంటే బేస్ లావు తీగ స్వరమే. ఇలా అడుగు స్వరం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డ్ అంత బలంగా వినిపించడానికి ఇదొక కారణం. అదే లావు తీగల మీద మేజర్ కార్డ్ మొత్తం వాయిస్తే మధ్యలో ఉండే గాంధారం ఫ్రెట్ల గిటార్‌లో స్వచ్ఛమైన శ్రుతి కంటే కొద్దిగా ఎక్కువ ఉంటుంది కాబట్టి, పుట్టే కొత్త స్వరాలు దేనితోనూ సరిగా కుదరవు. గెయిన్ ఎక్కువ కావాలంటే రెండు స్వరాలే వాయించాలి. నిండు కార్డ్ కావాలంటే గెయిన్ తగ్గించాలి, లేదా సన్నని తీగల మీదకు వెళ్లాలి.

లక్షణం: ఎవరూ తప్పు వాయించడం లేదు, అయినా కార్డ్ వేరేగా వినపడుతోంది

ఇది బేస్ దగ్గర చూడాల్సిన విషయం. గిటార్ సి మేజర్ వాయిస్తోంది, అంటే సి, ఈ, జి. అదే సమయంలో బేస్ ఎ వాయిస్తే, వినేవాళ్లకు అందేది సి మేజర్ కాదు, ఎ మైనర్ సెవెంత్. గిటారిస్ట్ వేలు ఒక్కటి కూడా కదలకుండానే వెలుగుగా ఉండాల్సిన చోట దిగులు వచ్చేస్తుంది. కార్డ్‌కు పేరు పెట్టే హక్కు అందరికంటే కింద ఉన్న స్వరానిది. పరిష్కారానికి ఒక కాగితం చాలు: ప్రతి బార్‌కు బేస్ వాయించే మొదటి స్వరం ఒక్కటే రాసి ఇద్దరూ ముందు పెట్టుకోండి. ఎ కావాలనే పెట్టారా, పొరపాటున పడిందా అన్నది అప్పుడు తేలిపోతుంది.

లక్షణం: తాళం తప్పడం లేదు, కానీ పాటలో ఊపు లేదు

ఫోన్‌లో రికార్డ్ చేసి, కిక్ డ్రమ్‌నూ బేస్‌నూ మాత్రమే పట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్‌లో ఈ రెండూ సరిగా రావు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఒకే దెబ్బలా వినపడాల్సిన చోట దడ్-దమ్ అని రెండుగా వినపడితే జబ్బు దొరికినట్టే.

రాక్‌లో బేస్, కిక్ కలిసి ఒకే వాయిద్యంలా పనిచేయాలి. కిక్ దెబ్బ ఇస్తుంది కానీ అందులో పాడగలిగే స్వరం ఉండదు. బేస్‌లో స్వరం ఉంటుంది కానీ దాని మొదలు మెత్తగా ఉంటుంది. రెండూ ఒకే క్షణంలో పడితే స్వరమున్న దెబ్బ పుడుతుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో ఈ పని తేలికైంది. అంతకుముందు వాడే నిలువెత్తు డబుల్ బేస్ శబ్దం గట్టి డ్రమ్స్ మధ్య తేలిగ్గా మునిగిపోయేది, ఫ్రెట్లు లేనందువల్ల శ్రుతి పూర్తిగా వేలి మీదే ఆధారపడేది.

సరిచేసే పద్ధతి చెబుతాను. నిమిషానికి 120 బీట్ల పాట తీసుకోండి. అంటే ఒక్కో బీట్‌కు అర సెకను. కిక్ 1 మీద, 3 మీద, 3కీ 4కీ సరిగ్గా మధ్యలో. స్నేర్ 2 మీద, 4 మీద. గిటార్‌నూ గొంతునూ పక్కన కూర్చోబెట్టి, బేస్ కిక్ పడిన మూడు చోట్ల మాత్రమే, ఒకే స్వరం వాయించాలి. అలంకారాలు వద్దు. ఐదు నిమిషాలు ఇదే చేయండి. రెండూ కలిసిపోయిన క్షణం పాదాల కిందే తెలుస్తుంది.

ఆ తర్వాత నాకు చాలా ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది: స్వరం ఎప్పుడు మొదలైందన్నదే కాదు, ఎప్పుడు ఆగిందన్నదీ నా పనే. 1 మీద వాయించిన స్వరాన్ని 2 దాటేదాకా మోగనిస్తే స్నేర్ బురదలో పడ్డట్టు ఉంటుంది. స్నేర్ పడే క్షణానికి ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి కొంచెం లేపి శబ్దం ఆపేయండి, వేలు తీగను తాకుతూనే ఉండాలి. డ్రమ్మర్ ఒక్క దెబ్బ కూడా మార్చకపోయినా స్నేర్ చురుగ్గా తగులుతుంది.

లక్షణం: గిటార్ సోలో మొదలవగానే పాట బోసిపోతుంది

ఒకే గిటార్ ఉన్న బ్యాండ్‌లో ఇది తప్పనిసరిగా వస్తుంది. సోలోకు పైకి వెళ్లిన గిటార్ తన అసలు పనిని, అంటే మధ్యలో కార్డ్ నింపడాన్ని, వదిలి వెళుతుంది. చాలామంది సోలో వాల్యూమ్ పెంచుతారు. దానివల్ల సోలో గట్టిగా వినపడుతుంది, మధ్యలో ఖాళీ అలాగే ఉంటుంది.

ఖాళీని బేస్, డ్రమ్స్ పంచుకోవాలి. నేను విడివిడి స్వరాలు మానేసి ప్రతి అర బీట్‌కూ ఒకటి చొప్పున ఆగకుండా వాయిస్తాను, వేళ్లకు బదులు పిక్ వాడతాను, అక్కడక్కడా అడుగు స్వరానికి పంచమం కలుపుతాను. పంచమం కలిపేటప్పుడు కొంచెం పై ఫ్రెట్ల మీదే కలపాలి. అన్నిటికంటే కింది తీగ మొదట్లో రెండు స్వరాలు కలిపితే గుడగుడ తప్ప ఏమీ వినపడదు. డ్రమ్మర్ మూసిన హై-హ్యాట్ వదిలి, శబ్దం ఎక్కువసేపు నిలిచే రైడ్ సింబల్ మీదకు వెళతాడు. సోలో చేసేవాళ్లు కూడా వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక కార్డ్ కొట్టి వస్తే ఇంకా మంచిది.

ఇది కుదిరిందో లేదో చూడటానికి సోలో లేకుండా, బేస్, డ్రమ్స్ మాత్రమే ఆ ఎనిమిది బార్లు వాయించి రికార్డ్ చేయండి. కార్డ్‌లు ఎక్కడ మారుతున్నాయో గిటార్ లేకుండానే తెలుస్తుంటే ఇక సోలో కలపొచ్చు. తెలియకపోతే బేస్ లైన్ మళ్లీ రాసుకోవాలి.