జీతం లెక్క – 3వ పాఠం: సైటు చూపించే సగటును విడగొట్టడం

గత పాఠంలో మన ఉద్యోగానికి ఒక కాగితం రాసుకున్నాం. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ఎగ్జిక్యూటివ్, మూడేళ్ల అనుభవం. రోజూ చేసే పని: వచ్చిన సరుకు చూడటం, గ్లేజింగ్ తూకం, కోర్ ఉష్ణోగ్రత, హెచ్‌ఏసీసీపీ రికార్డులు. ఈ కాగితం పక్కన పెట్టుకునే ఈ పాఠం చదవండి. సైట్లో ప్రతి అంకెనూ దీంతోనే పోల్చి చూస్తాం.

ఇవాళ వాడే జీతాల సైట్లు రెండు: యాంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్. మొదటిది నౌకరీ సైటు నడిపే ఇన్ఫో ఎడ్జ్ కంపెనీదే. రెండూ ఉద్యోగులు స్వయంగా టైపు చేసిన జీతాల మీదే నడుస్తాయి. తాటికాయంత అక్షరాలతో పైన కనిపించే సగటును ప్రస్తుతానికి పట్టించుకోకండి. దాని కింద చిన్నగా ఉండే మూడు వివరాలు రాసుకోండి: ఎంతమంది ఇచ్చారు, ఎన్నేళ్ల అనుభవం వాళ్లు, ఎప్పుడు అప్‌డేట్ అయింది. ఎంతమందో చెప్పకుండా 'అంచనా' అని ఉంటే అది ఎవరి జీతమూ కాదు, సైటు తన లెక్కతో కట్టిన అంకె. దాన్ని పట్టికలోకి రానివ్వొద్దు.

మన ప్రాంతంలో ఈ వెతుకులాట తప్పేది ముందుగా ఊరి దగ్గర కాదు, హోదా పేరు దగ్గర. 'క్వాలిటీ అనలిస్ట్' అని కొడితే కాల్ సెంటర్లో ఫోన్ కాల్స్ విని మార్కులు వేసేవాళ్లు వస్తారు. 'క్యూఏ' అంటే సాఫ్ట్‌వేర్ టెస్టర్లు వస్తారు. 'క్యూసీ ఎగ్జిక్యూటివ్' అంటే మందుల కంపెనీల వాళ్లు ఎక్కువ. ఇంటి నుంచి పనిచేసే టెస్టరు తన ఊరు భీమవరం అని పెడితే, ఊరి ఫిల్టరు కూడా అతన్ని ఆపదు. అందుకే హోదాతో కాకుండా కంపెనీతో మొదలుపెట్టండి. భీమవరం, కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీల పేర్లు పది రాసుకుని, ఒక్కో కంపెనీ పేజీ తెరిచి, అందులో క్వాలిటీ, టెక్నాలజిస్ట్ అన్న పేర్లు రెండూ చూడండి. మన దగ్గర చాలా ప్లాంట్లలో ఈ పని చేసేవాళ్లని టెక్నాలజిస్టు అనే పిలుస్తారు. ఆ మాట వదిలేస్తే కొంత సమాచారం చేజారుతుంది.

ఇప్పుడు ఒక పట్టిక కడదాం. ఈ అంకెలు సాధన కోసం వేసుకున్నవి, మార్కెట్ రేట్లు కావు. హోదాతోనూ కంపెనీలతోనూ కలిపి వెతికితే తొమ్మిది వరుసలు దొరికాయనుకోండి, ఏడాదికి లక్షల్లో: 1.9, 2.2, 2.4, 2.5, 2.6, 2.8, 3.1, 6.5, 7.2. ఒక్కో వరుసకి తమ జీతం వివరం ఇచ్చినవాళ్లు ఇద్దరి నుంచి ఆరుగురి వరకు ఉన్నారు. తొమ్మిదీ కలిపి సగటు తీస్తే 3.47 లక్షలు. తొమ్మిదింటిలో ఏడు ఆ సగటుకి కిందే ఉన్నాయని గమనించారా? చివరి రెండు వరుసలు తెరిచి చూస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీలవి. అవి తీసేస్తే సగటు 2.5కి పడిపోయింది. ఒక్క లక్షకి దగ్గరగా వచ్చిన ఆ తేడా రొయ్యలది కాదు.

మిగిలిన ఏడింటిలో 1.9, 2.2 ఏడాది అనుభవం వాళ్లవి, 3.1 ఎనిమిదేళ్ల వాళ్లది. వాటినీ పక్కన పెడితే మనకి సరిపోయేవి నాలుగే: 2.4, 2.5, 2.6, 2.8. మధ్యస్థం 2.55 లక్షలు. నాలుగే మిగిలాయని కంగారు పడొద్దు. ఇక్కడ నాలుగు సరైన వరుసలు తొమ్మిది కలగాపులగం వరుసలకంటే మేలు. అయితే నాలుగు వరుసలతో 'మార్కెట్ రేటు ఇంత' అని హెచ్ఆర్ ముందు గట్టిగా అనలేం. దాదాపు ఇంత అని మాత్రమే అనగలం.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ 2.55 దేని అంకె? సైటు అడిగేది సీటీసీ, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు కావచ్చు, కానీ టైపు చేసే మనిషికి గుర్తుండేది బ్యాంకులో పడిన మొత్తం. దాన్ని పన్నెండుతో గుణించి పెట్టేవాళ్లు ఉంటారు. 2.55 సీటీసీ అయితే నెలకి 21,250. బేసిక్ 10,500 అనుకుని విడగొడదాం. కంపెనీ వాటా పీఎఫ్ 1,260, గ్రాట్యుటీ సుమారు 505, కంపెనీ వాటా ఈఎస్ఐ సుమారు 613 పోగా గ్రాస్ 18,870 దాకా వస్తుంది. అందులోంచి మన పీఎఫ్ 1,260, ఈఎస్ఐ 142, ఆంధ్రలో వృత్తి పన్ను 150 పోతే చేతికొచ్చేది 17,300 పైచిలుకు. అదే 2.55 చేతికొచ్చిన జీతం అయితే నెలకి 21,250. ఒకే అంకె, నెలకి దాదాపు నాలుగు వేల తేడా. మనం బేరమాడబోయేది బహుశా రెండు మూడు వేల దగ్గరే!

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. సైటు ఒక్కొక్కరి జీతాన్ని విడిగా చూపిస్తే ఆ మొత్తాన్ని 12తో భాగించండి. సరిగ్గా 20,000 లాంటి గుండు అంకె వస్తే, అది చేతికొచ్చిన నెల జీతాన్ని 12తో గుణించి రాసిందై ఉండొచ్చని అనుమానించండి. లక్షల్లో రౌండ్ చేసి చూపే పేజీల్లో ఈ కిటుకు పనిచేయదు. అప్పుడు 17,300 నుంచి 21,250 దాకా మొత్తం పట్టీని అలాగే ఉంచుకోవాలి. మధ్యలో ఒక అంకె ఎంచుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఇంకో వంకర, ఎవరు రాస్తారన్నది. చెరువులో చెక్ ట్రే ఎత్తితే కనిపించేవి మేతకి వచ్చిన రొయ్యలు మాత్రమే. చెరువు కౌంట్ తెలియాలంటే నాలుగు మూలలా వల విసరాలి. ఈ సైట్లు చెక్ ట్రేలు. ఉద్యోగం మారాలనుకునేవాళ్లు, పెద్ద కంపెనీల వాళ్లు అక్కడికొస్తారు. బంధువు మాటతో చేరి అక్కడే ఉండిపోయిన టెక్నాలజిస్టు రాడు. పైగా గ్లాస్‌డోర్ లాంటి చోట మన జీతం రాస్తేనే మిగతావాళ్లవి చూడనిస్తారు. గేటు దాటడానికి నోటికొచ్చిన అంకె కొట్టేవాళ్లు కూడా ఆ లెక్కలో కలుస్తారు.

తేదీ సంగతి చాలామంది చూడరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకి పెద్ద మార్కెట్ అదే. అంతకు ముందు రాసిన జీతాన్నీ తర్వాత రాసిన దాన్నీ ఒకే సగటులో కలిపితే, ఆ సగటు ఏ నెల సంగతీ చెప్పదు. పట్టికలో తేదీకి విడిగా ఒక గడి పెట్టండి.

సైట్లో గడే లేనివి కొన్నున్నాయి: కంపెనీ బస్సు, హాస్టలు గది, మెస్ భోజనం, పట్టుబడి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఓవర్‌టైమ్. గది, భోజనం ఇచ్చే ప్లాంటులో 18,000కీ, ఏమీ ఇవ్వని చోట 18,000కీ పొంతన లేదు. మీ ఊళ్లో గది అద్దె, మెస్ బిల్లు ఎంతో కనుక్కుని ఆ వరుసకి కలపండి.

సాధన: మీ హోదాకి కనీసం పన్నెండు వరుసలు సేకరించండి. కొట్టేసిన ప్రతి వరుస పక్కనా కారణం ఒక్క ముక్కలో రాయండి: హోదా వేరు, అనుభవం వేరు, తేదీ పాతది, అంచనా. మిగిలినవాటిని రెండు రకాలుగా చేతి జీతంలోకి మార్చండి, ఒకసారి అన్నీ సీటీసీ అనుకుని, ఇంకోసారి అన్నీ చేతికొచ్చినవే అనుకుని. నాలుగో పాఠంలో ఆ పట్టీని ముగ్గురు మనుషుల పే స్లిప్పులతో ఎలా సరిచూడాలో చూద్దాం.