జనవరి 31 రాకముందే P1M సంగతి చూసుకోండి

చందా రెన్యూవల్, లోన్ గడువు లాంటివి లెక్కగట్టే ప్రోగ్రాములు నెలాఖరుల్లోనే తప్పుతాయి. అందులోనూ జనవరి చివరి 3 రోజులు మరీ టెన్షన్. సిస్టమ్ పంపే వ్యవధి ఇలా ఉంటుంది:

```
P1Y1M1DT3H
```

ఇది ISO 8601 పద్ధతి. P అంటే వ్యవధి మొదలైందని గుర్తు. ఆ తర్వాత 1 సంవత్సరం, 1 నెల, 1 రోజు. T దాటాక వచ్చేవి గంటలు, నిమిషాలు, సెకన్లు. అన్నిటికన్నా ముందు T ఎక్కడుందో చూడండి, ఎందుకంటే M అక్షరానికి రెండు అర్థాలున్నాయి. `P1M` అంటే నెల, `PT1M` అంటే నిమిషం. ఒకసారి నేను T మర్చిపోయి, నిమిషంలో ముగియాల్సిన లాగిన్‌ను నెల పాటు తెరిచి ఉంచాను. ఎర్రర్ రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇక కూడడం. పై వ్యవధిని 2026 జనవరి 31 రాత్రి 10 గంటలకు కలుపుదాం. ముందు ఏళ్లు, నెలలు కలపాలి: 2027 ఫిబ్రవరి 31 వస్తుంది. అలాంటి తేదీ లేదు కాబట్టి నెల చివరి రోజుకు, అంటే 28కి, దించాలి. తర్వాత ఒక రోజు కలిపితే మార్చి 1 రాత్రి 10. చివర్లో 3 గంటలు కలిపితే మార్చి 2 తెల్లవారుజాము 1 గంట. వరుస తారుమారై రోజు, గంటలు ముందు కలిపేస్తే 2026 ఫిబ్రవరి 2 అవుతుంది, దానికి ఏడాది, నెల కలిపితే 2027 మార్చి 2. ఇక్కడ జవాబు ఒకటే వచ్చిందని మోసపోకండి. జనవరి 30కి `P1M1D` కలిపి చూడండి: నెల ముందైతే మార్చి 1, రోజు ముందైతే ఫిబ్రవరి 28.

28కి దించడం కూడా అన్ని భాషల్లో జరగదు. 2026 జనవరి 31కి `P1M` కలిపితే జావాలోని `LocalDate` ఫిబ్రవరి 28 ఇస్తుంది. పీహెచ్‌పీలో `DateTime` మాత్రం లేని ఫిబ్రవరి 31ని ముందుకు తోసి మార్చి 3 అంటుంది. సర్వర్ ఒక భాషలో, బిల్లు తయారయ్యేది మరో భాషలో అయితే కస్టమర్‌కు రెండు తేదీలు కనిపిస్తాయి. అందుకే 29, 30, 31 తేదీలను రెండు చోట్లా నడిపి చూడండి.

నెలనెలా రెన్యూ చేసేటప్పుడు కిందటి గడువుకు `P1M` కలపకండి. ఫిబ్రవరి 28కి మరో నెల కలిపితే మార్చి 28, అక్కడి నుంచి 31 మళ్లీ రాదు. మొదటి తేదీని దాచుకుని దానికే `P2M`, `P3M` కలపాలి.

అమెరికా క్లయింట్లున్నవాళ్లు మార్చిలో ఇంకొకటి చూసుకోవాలి. 2026 మార్చి 8న న్యూయార్క్‌లో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. 7వ తేదీ ఉదయం 10 గంటలకు `P1D` కలిపితే మర్నాడు ఉదయం 10, అదే `PT24H` కలిపితే 11. జావాలో `Duration.parse` మాత్రం `P1D` ఇచ్చినా 24 గంటలుగానే తీసుకుంటుంది. రోజే కావాలంటే `Period` వాడండి.