మారకపు రేటు – 4వ పాఠం: ఒక బుట్ట, రెండు బిల్లులు

ఈ పాఠానికి కాగితం, పెన్ను చాలు. బుట్టలో నాలుగే వేద్దాం: 5 కిలోల బియ్యం, 4 లీటర్ల పాలు, డజను గుడ్లు, ఒక హెయిర్ కటింగ్. ధరలు లెక్క కోసం అనుకున్నవే.

హైదరాబాద్‌లో వరసగా 300, 260, 90, 150 రూపాయలు. మొత్తం 800. డాలస్‌లో 10, 4, 4, 22 డాలర్లు. మొత్తం 40. 800ని 40తో భాగిస్తే 20. అంటే ఈ బుట్ట వరకు, అక్కడ ఒక డాలరు చేసే పని ఇక్కడ 20 రూపాయలు చేస్తాయి. కొనుగోలు శక్తి సామ్యం (పీపీపీ) రేటు ఇదే.

బ్యాంకులో డాలరు 85 రూపాయలనుకోండి. వాస్తవ మారకపు రేటు:

```
85 × 40 ÷ 800 = 4.25
```

డాలస్ బుట్ట ఖరీదును రూపాయల్లోకి మారిస్తే ఇక్కడ నాలుగు బుట్టలు వచ్చి, ఇంకా కాస్త మిగులుతుందన్నమాట.

అయితే రూపాయి అసలు విలువ 20 అనేసుకోకండి. బుట్టలోంచి కటింగ్ తీసేసి మళ్లీ లెక్కేయండి: 650 ÷ 18, సుమారు 36. ఒక్క కటింగే రేటును 36 నుంచి 20కి లాగేసింది. బియ్యం ఓడెక్కుతాయి కాబట్టి ధరల తేడా మరీ పెరిగితే వ్యాపారి రంగంలోకి దిగుతాడు. చవగ్గా ఉందని డాలస్‌వాళ్లెవరూ కటింగ్‌కి అమీర్‌పేట రారు. అక్కడి కూలి రేట్లు ఎక్కువ, ఇక్కడివి తక్కువ; ఆ తేడా సేవల ధరల్లో అలాగే నిలిచిపోతుంది. 2017 అంతర్జాతీయ ధరల పోలికలో భారత్ పీపీపీ 20.65 అని తేలింది. ఆ ఏడాది మార్కెట్ రేటు సగటున 65 పైనే.

ధరలు రాసుకునేటప్పుడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. అక్కడ పాలు గ్యాలన్లలో అమ్ముతారు, గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. మన ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. అక్కడ పన్ను పడే సరుకులకు అది బిల్లులోనే కలుస్తుంది. కటింగ్‌కి టిప్పు కూడా కలపాలి. సోనామసూరికి సోనామసూరినే పోల్చితే అక్కడది దిగుమతి సరుకు, ధర మండిపోతుంది; అక్కడివాళ్లు రోజూ వండుకునే బియ్యం ధరే తీసుకోండి.

ఇప్పుడు ఏడాది ముందుకు జరుగుదాం. డాలరు 88 అయింది, మన బుట్ట 840, వాళ్లది 40.80. అప్పుడు 88 × 40.80 ÷ 840 = 4.27. బ్యాంకు రేటులో డాలరు మూడున్నర శాతం పెరిగినా, వాస్తవ రేటు అర శాతానికి కాస్త పైన మాత్రమే కదిలింది. మిగతాదంతా మన ధరల పెరుగుదల మింగేసింది. మన ఎగుమతిదారుకు దక్కిన అసలు వెసులుబాటు ఆ కాస్తే.

ఇక్కడో తిరకాసుంది. మన లెక్కలో అంకె పెరిగితే రూపాయి బలహీనపడినట్టు. రిజర్వ్ బ్యాంకు ప్రకటించే వాస్తవ మారకపు సూచీలో అంకె పెరిగితే రూపాయి బలపడినట్టు. ఆ పట్టిక తెరిచే ముందు ఈ దిక్కు సరిచూసుకోండి.

అభ్యాసం: డాలరు 85 దగ్గరే ఉండి, మన బుట్ట 850కి, వాళ్లది 41కి చేరితే వాస్తవ రేటు ఎంత? జవాబు 4.10 రావాలి. 3.90 వస్తే, మీరు వాళ్ల ధర పెరుగుదలకు బదులు తగ్గుదల వేశారేమో చూడండి.